నలభై రెండు పాఠాల గరగర

అంధుల గ్రంథాలయంలో ఆమెను అందరూ ఎడిటరమ్మ అంటారు. పుస్తకాలు గొంతెత్తి చదివిపెట్టేవాళ్ళు ఇళ్ళలో రికార్డు చేసి పంపే పుస్తకాలను శుభ్రం చేసి, విద్యార్థులకు అందించడం ఆమె పని. పద్నాలుగేళ్ళుగా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చోవడంతో, సెలవు రోజున కూడా తలచుట్టూ ఏదో నొక్కుతున్నట్టే ఉంటుంది.

ఆ నెల ఆమె చేతికి ఖగోళశాస్త్రం పాఠాలు వచ్చాయి. నలభై రెండు. చదివినది ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు. చదవడం పూర్తయిన మూడో వారంలోనే ఆయనకు గొంతులో క్యాన్సర్ అని తేలి, స్వరపేటిక తీసేశారు. ఇక ఆయన మాట్లాడలేరు.

రికార్డింగు నిండా రెండు చప్పుళ్ళు. అడుగున ఫ్రిజ్ మోటారు గుయ్‌మనే మోత, పైన మైకు గెయిన్, అంటే చప్పుడు పట్టే జోరు, ఎక్కువ పెట్టడంవల్ల వచ్చిన సన్నని సరసర. తరగతులు మొదలవడానికి పది రోజులే ఉన్నాయి. ఆమె ఒక పాఠం మొదట్లో ఎవరూ మాట్లాడని రెండు క్షణాలు తీసుకుని, "ఇదీ చప్పుడు, దీన్ని తీసెయ్" అని సాఫ్ట్‌వేర్‌కు చూపించింది. ఎంత తీసెయ్యాలో చెప్పే ముల్లును దాదాపు చివరిదాకా తిప్పింది. నలభై రెండూ ఒకే దెబ్బకు శుభ్రం చేసి, పాతవాటి మీదే, అదే పేర్లతో సేవ్ చేసింది. తీరిగ్గా ఆలోచించి ఉంటే ఆ పని చేసేది కాదు. ఆలోచించే ఓపిక లేకపోయింది.

ఇన్‌ఛార్జి మేడమ్ రెండు నిమిషాలు విని మురిసిపోయింది. "సూది పడితే వినిపించేలా ఉంది!"

మర్నాడు తనిఖీ బాబాయ్ ఫోన్ చేశాడు. ప్రతి పుస్తకాన్నీ విద్యార్థులకు వెళ్ళేముందు మొదటినుంచి చివరిదాకా వినేది ఆయనే. పుట్టుకతోనే చూపు లేదు.

"అమ్మాయ్, మాస్టార్ని బావిలోకి దించి చదివించావా?"

"అదేంటి బాబాయ్? చప్పుడంతా పోయిందిగా!"

"చప్పుడుతోపాటు ఆయనా పోయాడు. ప్రతి మాట వెనకా నీళ్ళు బుడబుడమంటున్నాయి. 'స' ఏదో 'ష' ఏదో తెలియడం లేదు. మాట చివర్లు ఎవరో కొరికేసినట్టున్నాయి. నేను పది నిమిషాలు విన్నానో లేదో, తల దిమ్మెక్కింది. పిల్లలు రోజూ గంటలు గంటలు వినాలి."

ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. ఫోన్ పెట్టేసి, ఒక పాఠం తెరిచి కళ్ళు మూసుకుని వింది. ఆయన అన్నది అక్షరాలా నిజం. సరసరను పూర్తిగా పీకేయబోతే అది పూర్తిగా పోదు, అక్కడక్కడా తునకలు మిగులుతాయి. ఆ తునకలే మిణుకుమంటూ నీటి చప్పుడులా వినబడతాయి. ఈ సంగతి కొత్తగా చేరినవాళ్ళకు ఆమే చెబుతుంటుంది.

పోయినదాన్ని మళ్ళీ రాబట్టే దారి లేదు. అసలు రికార్డింగులు కావాలి.

మధ్యాహ్నం మాస్టారి ఇంటికి వెళ్ళింది. ఆయన మెడకు పల్చటి గుడ్డ కట్టుకుని కుర్చీలో కూర్చున్నారు, ఒళ్ళో పలక. ఆయన భార్య మంచినీళ్ళు తెచ్చి, రికార్డరూ దాని కార్డూ వెతకడానికి లోపలికి వెళ్ళింది.

"వంటింట్లోనే చదివేవారమ్మా," అంది లోపలినుంచే. "ముందుగదిలో వీధి గోల. ఫ్రిజ్ ఆపమంటే ఆపేవారు కాదు. ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యడం మర్చిపోతే నా ఇన్సులిన్ అంతా పాడైంది. అప్పట్నించీ భయం."

ఎడిటరమ్మ శుభ్రం చేసిన పాఠం వినిపించమని మాస్టారు సైగ చేశారు. ఆమెకు ఇష్టం లేకపోయినా ఫోన్లో పెట్టింది. ఆయన కాసేపు విని పలకమీద రాశారు: "ఇది నేను కాదు."

ఆమె తల వంచుకుంది. "పొరపాటు నాదే మాస్టారూ. మళ్ళీ చేస్తాను."

కార్డులో నలభై రెండూ భద్రంగా ఉన్నాయి.

ఈసారి ఒక్కొక్కటే పట్టుకుంది. ముందు మోత సంగతి. అది ఎప్పుడూ కొన్ని స్థాయిల్లోనే, సెకనుకు యాభై కంపనాల దగ్గర, నూరు దగ్గర, నూటయాభై దగ్గర, అలా మెట్లుమెట్లుగా ఉంటుంది. ఆ మెట్లను మాత్రమే సూదిమొనంత సన్నగా కోసింది. వెడల్పుగా కోస్తే మాస్టారి బొంగురు గొంతులో బరువు పోతుంది. ఫ్రిజ్ మధ్యమధ్య ఆగిపోతుంది కాబట్టి, మోత ఉన్నచోటే కోసింది.

తర్వాత సరసర. ప్రతి పాఠానికీ ఆ రోజు నిశ్శబ్దాన్నే నమూనాగా తీసుకుంది. పూర్తిగా తీయకుండా సగానికి తగ్గించింది, అంతే. తగ్గించాక, తీసేసినదాన్ని విడిగా పెట్టి వినడం మొదలుపెట్టింది. అందులో ఉత్త గాలి చప్పుడే ఉంటే సరే. మాట వినిపిస్తే ఎక్కువ తీసినట్టు.

ముప్పై పాఠాలదాకా గాలే వినిపించింది. ముప్పై ఒకటో పాఠంలో, ఆ తీసేసినదాంట్లో మాస్టారు గుసగుసలాడుతున్నారు.

ఆమె హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టింది. వ్యాధి అప్పటికే మొదలై ఉంటుంది. అక్కడినుంచి ఆయన గొంతులో గరగర ఎక్కువైంది, గాలి ఎక్కువైంది. యంత్రానికి ఆ గరగరకూ మైకు సరసరకూ తేడా తెలియదు. రెండూ ఒకటే అనుకుని ఆయన గొంతునే తోడేస్తోంది. ముల్లు ఇంకా తగ్గించింది. అయినా గుసగుస ఆగలేదు. చివరికి ఆ పన్నెండు పాఠాల్లో మోత మాత్రం కోసి, సరసర జోలికి పోలేదు.

మేడమ్ ముఖం చిట్లించింది. "మొదటి పాఠాలు శుభ్రంగా ఉండి, చివరివి బుస్సుమంటున్నాయేంటి? పుస్తకమంతా ఒకేలా ఉండాలిగా!"

"చివరివి తగ్గిస్తే మాస్టారి గొంతు పోతుంది మేడమ్."

"మరి?"

ఆమె గట్టిగా నిట్టూర్చింది. "మొదటి వాటిల్లోనే సరసర మళ్ళీ వదిలేస్తాను."

అంటే ముప్పై పాఠాలు మళ్ళీ మొదటినుంచి. ఈసారి సరసరను తియ్యకుండా, మోత మాత్రం కోసి, అన్నీ ఒకే తీరుకు తెచ్చింది. మొత్తమ్మీద ఆరు రోజులు పట్టింది. కుడిచెవి హోరుమంటూనే ఉంది. ఇంట్లో భర్త ఏదైనా అడిగితే, విన్నా విననట్టు ఊరుకుంది.

తనిఖీ బాబాయ్ నలభై రెండూ విన్నాడు. "కాస్త సరసర ఉంది. రెండో నిమిషానికి చెవి దాన్ని మర్చిపోతుంది. ఇప్పుడు మనిషి ఎదురుగా కూచుని చెప్తున్నాడు," అన్నాడు.

మాస్టారికి కూడా వినిపించడానికి వెళ్ళింది. ఆయన చివరి పాఠం కదలకుండా వినసాగారు. సగంలో చెయ్యెత్తి ఆపమన్నారు. పలకమీద చకచకా రాశారు: "సూర్యకాంతి భూమిని చేరడానికి ఎనిమిది నిమిషాలు. ఎనభై అని చదివాను." దాని కింద: "ఇప్పుడు దిద్దలేను."

ఆయన కళ్ళు తడయ్యాయి. తప్పు లెక్క చెప్పి తరగతిలోంచి బయటికొచ్చిన మనిషిలా ఉన్నారు.

"ఎనిమిది అని ఇంకెక్కడైనా చదివారా మాస్టారూ?"

ఆయన పుస్తకం తెప్పించుకుని పేజీలు తిప్పారు. నలభయ్యో పాఠంలో ఎనిమిది గ్రహాలు. గొంతు అప్పటికే చివరి పాఠంలో ఉన్నంత బొంగురుగా ఉంది.

ఆఫీసుకు తిరిగొచ్చి ఆమె ఆ ఒక్క మాటను కత్తిరించి చివరి పాఠంలో అతికించింది. రెండు చోట్లా ఒకటే సరసర, అతుకు ఎక్కడుందో ఆమె చెవికే చిక్కలేదు. "సూర్యుడి కాంతి మనల్ని చేరడానికి దాదాపు ఎనిమిది నిమిషాలు పడుతుంది," అన్నారు మాస్టారు గరగరమంటూ.

ఆమె ఈసారి ఫైలును కొత్త పేరుతో సేవ్ చేసింది. హెడ్‌ఫోన్లు మేకుకు తగిలించింది.