ఉప్పు వేయని కూర

నా కొడుకు యుగంధర్ నరసాపురంలో జిమ్‌కి వెళ్తాడు. భీమవరంలో బరువులెత్తే పోటీకి పేరిచ్చాడు. పోటీకి వెళ్ళేవాళ్ళంతా ఒంట్లో బాగుందని డాక్టరు చేత సంతకం పెట్టించుకోవాలన్నారు జిమ్ మాస్టారు. డాక్టరుగారు వాణ్ణి కాసేపు కూర్చోబెట్టి, మళ్ళీ మళ్ళీ చూశారు. బీపీ నూటయాభై, తొంభై ఆరు.

"ఇంత చిన్న వయసులోనా? ఉప్పు బాగా తగ్గించు. నెల తర్వాత రా. బీపీ తగ్గేదాకా పెద్ద బరువులు ముట్టుకోకు, నేను సంతకం పెట్టను" అన్నారు.

ఆ రోజు నుంచి కూరలో ఉప్పు మానేశాను. పక్కింటి రూతు జాలిపడి, "చప్పిడి కూడు ఎలా తింటాడు వదినా, పాపం" అని మాగాయ తెచ్చిచ్చింది. నేనూ వాడి నోటికి కాస్త రుచి తగలాలని వంకాయలో ఎండుచేప ముక్కలు వేసేదాన్ని. చెమట పోతుంది గదా అని వాడు జిమ్ నుంచి వస్తూ ఉప్పేసిన నిమ్మసోడా తాగేవాడు. ఆకలేస్తే కారప్పూస, ఒక్కోసారి హోటల్లో నూడుల్స్.

నెల తర్వాత చూస్తే బీపీ ఏమీ మారలేదు. వాడి మొహం చిన్నబోయింది.

"ఉప్పు మానలేదామ్మా?" అన్నారు డాక్టరుగారు.

"మా ఇంటికొచ్చి చూడండి బాబూ. ఉప్పు డబ్బా మూతే తియ్యలేదు."

"నిన్న ఏం వండావు?"

"వంకాయ, ఎండుచేపండి. నేను ఎండబెట్టిందే. మా వ్యాపారమే అది."

"ఎలా ఎండబెడతావు?"

ఆ పని గురించి ఎవరడిగినా నాకు హుషారే. "చేపని చీల్చి, కడిగి, తొట్టిలో వరస చేప, వరస ఉప్పు..." అన్నాను. అక్కడే ఆగిపోయాను.

"చెప్పమ్మా, తర్వాత?"

"అమ్మ తొట్టెడు ఉప్పు పెట్టి, చిటికెడు మానేసిందండి" అన్నాడు యుగంధర్. ఆయన నవ్వారు.

"నువ్వు తక్కువ తిన్నావా? మాగాయలో, కారప్పూసలో, నూడుల్స్‌లో పోసే సాస్‌లో ఉన్నదంతా ఉప్పే. నాలుక్కి పులుపూ కారం తగిలి అది తెలీదు. గంటసేపు జిమ్ చేసినవాడికి మంచినీళ్ళు చాలు, ఉప్పుసోడా ఎందుకు? ఇంకో నెల చూద్దాం. తగ్గకపోతే మందు మొదలెడదాం."

రూతు మాగాయ ఆమెకే ఇచ్చేశాను. "ఎండుచేపలమ్మే దానివి, ఉప్పు సంగతి నీకు డాక్టరు చెప్పాలా?" అని ఎగతాళి చేసింది. ఆ మాట పడ్డాను.

పచ్చిచేప తెచ్చి, చింతపండు పులుసులో కాస్తంటే కాస్త ఉప్పేసి వండాను. మొదటి రోజుల్లో వాడు కంచం ముందు కూర్చుని నిట్టూర్చేవాడు.

తర్వాతి నెల నూట ముప్ఫై రెండు, ఎనభై నాలుగు వచ్చింది. డాక్టరుగారు సంతకం పెట్టారు. "బరువెత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకు. ఇది ఇక్కడితో అయిపోలేదు, చూపించుకుంటూ ఉండు" అన్నారు.

భీమవరంలో కప్పేమీ రాలేదు. సాయంత్రం ఇంటికొచ్చి చేపల పులుసుతో అన్నం కలుపుకున్నాడు.

"అమ్మా, ఇందులో ఏమేశావే? తియ్యగా ఉంది."

"ఏమీ వెయ్యలేదురా. చేప రుచే అంత."