ఐదు పంక్తుల తాత్పర్యం

శ్యామల మేడమ్ ఇంట్లో ఆదివారం జరిగే కవితల కూటమికి ఒకటే చట్టం. కవిత అద్భుతంగా ఉందో, ఏడ్చినట్టుందో ముందే చెప్పే హక్కు ఎవరికీ లేదు. మొదట ఒక్కో పంక్తినీ సొంత మాటల్లో మామూలుగా చెప్పాలి. విమర్శ ఆ తర్వాతే. అర్థం చెప్పకుండా ఆహా ఓహో అన్నవాళ్లకి టీ లేదు. క్యాంపస్ పక్కనున్న హిజ్లీ క్వార్టర్స్ మొత్తంలో ఆవిడ టీకి పెద్ద పేరు, అందుకే అందరూ నోరెత్తకుండా చట్టానికి లొంగి ఉన్నారు.

ఆ వారం అమర్‌నాథ్‌కి మాత్రం ఆ టీ గొంతు దిగలేదు. బల్ల మీదున్న కవిత అతనిదే. ఆ ఊరి తెలుగు సంఘం ఉగాది సంచిక కోసం కవుల పేర్లు తీసేసి ఎంపిక చేస్తున్నారు కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలీదు. మిగతావాళ్లంతా క్యాంపస్ పిల్లలు. అతనొక్కడే క్యాంపస్ అవతలి కార్మికుల పేట తాల్‌బగీచా నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చే రైల్వే వర్క్‌షాప్ ఉద్యోగి. కవిత అచ్చయితే అమ్మ చిలకమ్మకి చదివి వినిపించాలని అతని కోరిక. ఆవిడకి చదువు రాదు, అచ్చు మీద మాత్రం అపారమైన గౌరవం.

రష్మిత కవిత చదివింది.

సైరన్ కంటే ముందు లేచే దగ్గు
గుమ్మంలో నూనె వాసన చెప్పులు
కొక్కేనికి వేలాడుతున్న భుజాలు
వేడి పోని గిన్నె మీద మూత
ఇంకా నిద్రపోని తలుపు గడియ

"నేను చెప్తా" అన్నాడు అభినయ్. ఎంటెక్ చదువుతున్నాడు, ఏ కవితనైనా నట్లూ బోల్టులూ ఊడదీసి పక్కన పెట్టగలనని అతని నమ్మకం. "ఒకటి, నాన్న సైరన్‌కి ముందే దగ్గుతూ లేస్తాడు. రెండు, నాన్న చెప్పులు గుమ్మంలో ఉన్నాయి, నూనె కంపు. మూడు, భుజాలంటే చొక్కా. నాన్న చొక్కా కొక్కేనికుంది. నాలుగు, నాన్నకి వేడివేడిగా అన్నం మూతపెట్టారు. ఐదు, నాన్న రాలేదు గనక గడియ పెట్టలేదు. మొత్తం కలిపితే, నాన్నకి ఓవర్‌టైమ్."

అందరూ పగలబడి నవ్వారు. అమర్‌నాథ్ కూడా నవ్వాడు, నవ్వకపోతే దొరికిపోతాడు. లోపల మాత్రం అభినయ్‌ని పీక పట్టుకుని బొంగాయ్ చెరువులో ముంచాలనిపించింది.

రష్మిత నవ్వడం ఆపేసి కాగితం వైపు చూసింది. "ఆగు. చెప్పులు ఇంట్లోనే ఉన్నాయి, చొక్కా ఇంట్లోనే ఉంది. మరి డ్యూటీకి ఏం వేసుకుని వెళ్లాడు?"

అభినయ్ ముఖం వాడిపోయింది.

"పంక్తి పంక్తికీ అర్థం చెప్పమనేది ఇందుకే" అన్నారు శ్యామల మేడమ్. "తీసిపారేయకుండా చెప్పుకుంటే ఎక్కడ పొసగలేదో బయటపడుతుంది. సరే, ఇప్పుడు అసలు విమర్శ. మనం ప్రతి పంక్తిలోనూ నాన్న అన్నాం. కవితలో ఎక్కడుంది ఆ మాట?"

ఎక్కడా లేదు. దగ్గుంది, చెప్పులున్నాయి, భుజాలున్నాయి. మనిషి చోటు ఖాళీ. అర్థం చెప్పే తొందరలో వీళ్లే ఐదుసార్లు ఆయన్ని పట్టుకొచ్చి అందులో కూర్చోబెట్టారు.

కవిత ఎంపికైపోయింది. అమర్‌నాథ్ గుండె తేలికపడింది, ఎట్టకేలకు టీ కూడా దిగింది. అంతలో అభినయ్ తన తప్పు దిద్దుకోవాలని ఒక సలహా ఇచ్చాడు. "సుభాష్‌పల్లి, తాల్‌బగీచా పేటల్లో ముసలోళ్లకి ఇది అందదు మేడమ్. కింద చిన్న తాత్పర్యం వేద్దాం. 'తండ్రి చనిపోయినా కుటుంబం ఇంకా ఆయన కోసం ఎదురుచూస్తోంది' అని."

మేడమ్ ఆలోచనలో పడ్డారు. మిగతావాళ్లు తలలూపారు. ఆ వాక్యంలో తప్పేమీ లేదు, అక్షరం అక్షరం నిజం.

"వద్దు" అన్నాడు అమర్‌నాథ్.

"ఏందన్నా, తప్పు చెప్పిన్నా?"

"తప్పు కాదు. సరిగ్గానే సెప్పినావు." అతను గ్లాసు కింద పెట్టాడు. "మా యమ్మ ఇప్పటికీ రాతిరి గడియ ఎయ్యదు. గిన్నె మీద మూతెడతాది. నాను డ్యూటీ నుంచొచ్చి ఏరేగా తింటాను, ఆ గిన్నె ముట్టుకోను. ఏటమ్మా ఇది అని నానడగలేదు, అమ్మా సెప్పలేదు. సంచిక తెస్తే నాను సదవాల గదా. పైన ఐదు లైన్లూ సదవగలను. కింద మీ తాత్పర్యం సదివితే, మా ఇంట్లో ఆ మాట అన్న మొదటోణ్ణి నానౌతాను."

రష్మిత తల దించుకుంది. శ్యామల మేడమ్ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు. "కవిత ఒక్కటే వేద్దాం" అన్నారు.

అభినయ్ ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. మళ్లీ మూసేసుకున్నాడు. ఆ కూటమి పుట్టినప్పటి నుంచీ అతను చెప్పగలిగిన మాట చెప్పకుండా ఊరుకోవడం అదే మొదటిసారి.