లేబుల్ మీద రెండో వాక్యం

సేంద్రియ కూరగాయల వ్యాపారి తన ముందు పెట్టిన లేబుల్ చదవగానే ల్యాబ్ అధికారిణికి ఒళ్ళు మండిపోయింది. మొదటి వాక్యం: "పురుగుమందుల అవశేషాలు తక్కువ." రెండోది: "విటమిన్ సి రెట్టింపు." కింద ఆమె సంతకానికి చోటు.

"మీరు పరీక్షకి తెచ్చిన మీ పాలకూర పొద్దున కోసింది, పక్కన పెట్టిన మామూలు పాలకూర వారం కిందట కోసింది. నిల్వ ఉంటే విటమిన్ సి పోదా? తాజా ఆకుతో వాడిపోయిన ఆకుని పోలుస్తారా?"

"అవశేషాలు తక్కువేగా మేడమ్!"

"నిజమే. మామూలు వాటిలోనూ చాలావరకు చట్టం పెట్టిన పరిమితి లోపే ఉంటాయి. విటమిన్లలో మాత్రం నికరమైన తేడా లేదనే పరిశోధనల సమీక్షలు చెబుతున్నాయి. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడతారేంటి?"

"సంతకం పెట్టకపోతే మా శాంపిళ్ళు ఇక వేరే ల్యాబ్‌కే."

"పీడా పోయింది, పట్టుకెళ్ళండి!"

కాగితం చిరిగేలా రెండో వాక్యం కొట్టేసి, మొదటి దాని కింద సంతకం పెట్టి అతని మీదికి విసిరింది.