హోల్డ్ అంటే ఆగుడే

ప్రణాలి స్కూటీ స్టాండ్ వేస్తుండగానే వెల్డింగ్ వాసన ముక్కుకు తగిలింది. ఆ పూట ఆ వాసన రాకూడదు. ఆమె వచ్చి, దూలాన్ని స్తంభానికి సరిగ్గా చేర్చారా లేదా చూసి, కాగితం మీద సంతకం పెట్టాకే రావాలి. ఆమె ఇంకా హెల్మెట్ కూడా తియ్యలేదు.

నీలం నగర్ నేతగాళ్ల సొసైటీ కొత్త మగ్గాల షెడ్డు కట్టుకుంటోంది. ఇనుప స్తంభాలు, పై అంతస్తుకు మూడు ఇనుప దూలాలు. ఒక్కో దూలానికి రెండు కొసలు, మొత్తం ఆరు జాయింట్లు, ఆరూ వెల్డింగ్‌వే. పైన మగ్గాలు ఆడుతుంటే పొద్దుగూకులూ ఆ జాయింట్లు అదురుతూనే ఉంటాయి. అందుకని సొసైటీ తరఫున తనిఖీకి ప్రణాలిని పెట్టుకున్నారు. తనిఖీ ప్లాన్ ఆమే రాసింది. అందులో వరసగా పనులు, ప్రతి పని పక్కన ఒక అక్షరం. డబ్ల్యూ అంటే విట్నెస్ పాయింట్, అంటే ముందు రోజే కబురు పెట్టాలి, ఇన్‌స్పెక్టర్ రాకపోయినా పని సాగించుకోవచ్చు. హెచ్ అంటే హోల్డ్ పాయింట్, అంటే ఇన్‌స్పెక్టర్ చూసి రాసిచ్చేదాకా పని అక్కడే నిలవాలి. జాయింట్ కుదిర్చిన తర్వాత, వెల్డు వెయ్యకముందు చూసే ఫిటప్ పక్కన హెచ్ అని లావుపాటి అక్షరంతో ఉంది. ఆ ప్లాను షెడ్డు గోడకే అంటించి ఉంది. దాని పక్కనే అగర్‌బత్తీలు గుచ్చారు.

"హరీశన్నా! ఎవరు వెయ్యమన్నరు?" అని కింద నుంచే అరిచింది.

హరీశ్ ఆమెకు మేనత్త కొడుకు. సర్టిఫికెట్ ఉన్న వెల్డరు, చెయ్యి మంచిది, ఎవరైనా గట్టిగా అడిగితే కాదనే నోరు మాత్రం లేదు. ముసుగు ఎత్తి నవ్వబోయి మానుకున్నాడు. అతని బదులు సొసైటీ చైర్మన్ సిద్ధరాములు ముందుకొచ్చాడు. తెల్ల ధోవతి, నుదుట బొట్టు, చేతిలో కొట్టిన కొబ్బరికాయ చిప్ప.

"నేనే వెయ్యమన్న బిడ్డా. పది ఇరవైకి ముహూర్తం. తొమ్మిదికి రమ్మని నీకు నిన్ననే కబురు పెట్టినం. రాకపోతివి. ఫోన్ ఎత్తకపోతివి."

అది నిజమే. హోట్గి రోడ్డులో ఇంకో సైటులో పని సాగి సాగి పదకొండయింది. ఫోన్ స్కూటీ డిక్కీలో ఉండిపోయింది. ఆరు మిస్డ్ కాల్స్. తప్పు తనదని తెలిసిన కొద్దీ ఆమెకు కోపం ఇంకా ఎక్కువైంది.

"నేను రాకపోతె ఆగాలె పెదబాపూ! అది హోల్డ్ పాయింట్!"

"మొన్న నువ్వే గద చెప్పినవ్, కబురు పెట్టినంక రాకుంటె పని ఆపొద్దని?"

"అది విట్నెస్ పాయింట్‌కు! ఇది హోల్డ్. చూడు, విట్నెస్ అంటే పెండ్లికి పిలిచిన చుట్టం. పత్రిక ఇచ్చినవ్, చుట్టం రాలే, లగ్గం ఆగదు. హోల్డ్ అంటే పెండ్లిపిల్ల. పెండ్లిపిల్ల రాకుంటె పుస్తె ఎవల మెడల కడ్తరు?"

సిద్ధరాములు తల ఆడించాడు. "పెండ్లిపిల్ల గూడ టైముకు రావాలె గద."

చుట్టూ ఉన్న నలుగురూ కిసుక్కున నవ్వారు. ప్రణాలికి ఏడవాలో తిట్టాలో తెలియలేదు. పరంజా ఎక్కింది. మొదటి జాయింట్ వెల్డు అప్పటికే అయిపోయింది. రెండోది చూసింది. వెల్డు నింపాల్సిన గాడి నిండా పసుపు, కుంకుమ, వాటి మీద కొబ్బరినీళ్లు.

"ఇదేంది? ఎవరు పోసిర్రు దీంట్ల?"

"పూజ గాదా! మొదటి రెండిటికీ చేసినం."

"స్తంభానికి చెయ్యిర్రి, దూలానికి చెయ్యిర్రి, నాకు గూడ చెయ్యిర్రి! గాడిల తడి ఉంటె, పసుపు ఉంటె, వెల్డుల బుడగలు పడ్తయ్. అన్నా, దీన్ని మంచిగ గ్రైండ్ జెయ్యి, ఆరబెట్టు. నేను జూసేదాక వెల్డింగ్ కడ్డీ ముట్టకు."

సిద్ధరాములు ముఖం ముడుచుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఆమె లోపం నివేదిక రాసింది. ఫిటప్ హోల్డ్ పాయింట్ దాటి, అనుమతి లేకుండా మొదటి జాయింట్ వెల్డు చేశారు. కారణం దగ్గర పెన్ను కాసేపు ఆగింది. 'కబురు అందింది, ఇన్‌స్పెక్టర్ సమయానికి రాలేదు' అని అది కూడా రాసింది. తన తప్పు తనే రాసుకోవడం ఎంత చిరాకైన పనో రాస్తే గానీ తెలియదు.

ఇనుము చల్లారి ఒక రోజు గడిచాక, ప్లాను ప్రకారం, వెల్డులు పరీక్షించే రిషికేశ్ అల్ట్రాసౌండ్ మిషన్ పట్టుకొచ్చాడు. జాయింట్ పక్కన జెల్ పూసి, చిన్న ప్రోబు జరుపుతూ తెర మీద గీతలు చూశాడు. కింది అంచు దగ్గర ఆగాడు. వెనక్కి జరిపాడు, మళ్లీ ముందుకు. ఆ గీత తగ్గలేదు.

"రూట్‌లో, అంటే అడుగున, ఇనుము అంటుకోలేదు మేడమ్. దాదాపు మొత్తం పొడుగునా."

ప్రణాలి హరీశ్ వైపు తిరిగింది. "గ్యాప్ ఎంతుండె అన్నా? నిజం జెప్పు."

"ఆరు మిల్లీలుండాలె... రెండుండొచ్చు." అతను తల దించుకున్నాడు. "దూలాన్ని గుంజి పట్టిన చైన్ బ్లాకు జారింది, దూలం స్తంభానికి దగ్గరకొచ్చింది. మళ్ల గుంజుదామంటె ముహూర్తం దాటిపోతదని మీదబడ్డరు. నువ్వుంటె ఆపుతుంటివి."

రెండు మిల్లీల సందులో కడ్డీ అడుగుదాకా పోదు. పైన నిండినట్టు నునుపుగా కనిపిస్తుంది, అడుగున ఇనుము ఇనుమును ముట్టుకోదు. దాన్ని కాల్చి, చెక్కి, సందు తెరిచి, మళ్లీ చూసి, మళ్లీ వెల్డు వేసి, మళ్లీ ఒక రోజు ఆగి, మళ్లీ పరీక్ష చేసేసరికి నాలుగు రోజులు గడిచాయి. ఆరు జాయింట్లూ పాసయ్యేదాకా కింద కూడా మగ్గాలు పెట్టొద్దని ప్లానులో ఉంది.

ఆ నాలుగు రోజులు ఆమె కన్నతండ్రి యాదగిరి నెత్తి మీదే పడ్డాయి. ఆయన రెండు మగ్గాలు కుంఠా నాకాలో ఒక అద్దె షెడ్డులో ఉండేవి. ఆ షెడ్డు కూలగొడతారు, ఆ గడువు ముందే తెలుసు. కొత్త షెడ్డు అప్పటికి తయారవుతుందని అందరూ నమ్మారు. గడువు వచ్చింది, షెడ్డు రాలేదు. మగ్గాలు విప్పి టెంపోలో తెచ్చి ఇంటి ముందు సందులో తాడిపత్రి, అంటే టార్పాలిన్ పట్టా, కింద పెట్టారు. అదే రోజు వాన మొదలైంది. ఇనుము మీద నీళ్లు నిలిస్తే తుప్పు, చెక్క మీద నిలిస్తే ఉబ్బు. ముప్పై ఏళ్ల మగ్గాలు. యాదగిరి పొద్దున లేచి తాడిపత్రి మీది నీళ్లు చీపురుతో తోసేవాడు, నూనె గుడ్డతో చక్రాలు తుడిచేవాడు. కూతురితో మాట్లాడడం మానేశాడు. తల్లి అంజమ్మ బీడీలు చుడుతూ ఇద్దరికీ వినపడేలా గోడతో మాట్లాడేది. "సంతకమంట సంతకం. ఇంట్ల మగ్గం ఆగినంక ఆ సంతకం వండుకొని తింటమా?"

అయిదు జాయింట్లు ఒకటొకటిగా అయ్యాయి. ఆరోదానికి పొద్దున ఏడున్నరకే సైటుకు వచ్చేసింది ప్రణాలి. ఈసారి ముహూర్తం ఊసు ఎవరూ ఎత్తలేదు. సిద్ధరాములు పరంజా కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. హరీశ్ కడ్డీలు వేడి డబ్బాలో పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. గేటు దగ్గర యాదగిరి కూడా కనిపించాడు, తడిసిన లుంగీతో.

గ్యాప్ ఆరు మిల్లీలు ఉండాలి. నాలుగు దాకా ఒప్పుకోవచ్చు, అంతకు తగ్గకూడదు. ఆమె దగ్గర లెక్క మందంతో కోసిన ఇనుప రేకులున్నాయి. నాలుగు మిల్లీల రేకు ఒక కొసన సులువుగా దూరింది. మధ్యలో దూరింది. రెండో కొసకు వచ్చేసరికి ఆగిపోయింది. నెట్టింది. పోలేదు. మూడు మిల్లీల రేకు పెట్టింది, అది దూరింది.

"ఎట్లుంది?" అని కింద నుంచి సిద్ధరాములు అడిగాడు.

"ఒక కొసన మూడే ఉంది."

"ఒక్క మిల్లీ!" ఆయన కుర్చీలోంచి లేచాడు. "అరె, ఒక్క మిల్లీ అంటె గోరంత గూడ గాదు గదనే! ఇప్పి, అంచు గ్రైండ్ జేసి, మళ్ల బిగించి... ఇంకో రెండు రోజులు. నీ బాపు మగ్గాలు నానుతున్నయ్, కనబడ్తలేదా?"

కనబడకేం. అదొక్కటే కనబడుతోంది ఆమెకు. వారం రోజులుగా అన్నం ముద్ద ఎత్తినా అదే. మూడుకు కూడా హరీశ్ చెయ్యి అడుగుదాకా పోతుందేమో. పోకపోతే అల్ట్రాసౌండ్‌లో ఎలాగూ తేలుతుంది కదా. తేలకపోతే తేలకపోయింది. ఇలాంటి ఆలోచనలు తనకు వస్తున్నందుకు తన మీదే మండిపోతోంది. అయినా అవి వస్తూనే ఉన్నాయి. వెల్డు వేసుకోవచ్చని రాసిచ్చే విడుదల కాగితం పరంజా పలక మీద పరిచింది. పెన్ను మూత తీసింది.

అప్పుడు యాదగిరి పరంజా నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టాడు.

"బాపూ, హెల్మెట్! హెల్మెట్ లేకుండ ఎవలూ పైకి రావద్దు!" అని అరిచింది. ఇక్కడ ఎవరికి ఏం చెప్పినా గోడకు చెప్పినట్టే. హరీశ్ తన హెల్మెట్ తీసి అందించాడు. యాదగిరి దాన్ని వంకరగా పెట్టుకుని పైకి వచ్చి, వారం తర్వాత మొదటిసారి కూతురితో మాట్లాడాడు.

"ఏంది ఆ రేకు? ఇట్ల తే."

నాలుగు మిల్లీల రేకు ఇచ్చింది. ముప్పై ఏళ్లు నూలు పోగుల మధ్య సందు చూసిన కళ్లు అవి. ఆయన వంగి, మొదటి కొసన దూర్చాడు. తీశాడు. మధ్యలో దూర్చాడు. రెండో కొసన పెట్టాడు. రేకు ఆగింది. వేళ్లతో తోశాడు. అరచేత్తో తోశాడు. చూపుడువేలి గోరు తెల్లబడేదాకా తోశాడు. ఈయన దూర్చేస్తే బాగుండునని ప్రణాలి నిజంగానే కోరుకుంది.

యాదగిరి నడుం నిలబెట్టాడు. కూతురి చేతిలో మూత తీసిన పెన్నును చూశాడు. ఆమెకు చెంప మీద కొట్టినట్టయింది.

"పోతలేదు, సిద్ధరామన్నా," అని కిందికి కేక వేశాడు. "ఇప్పుర్రి."

"అరె యాదగిరీ, నీ మగ్గాలే గదరా వానల..."

"నా మగ్గాలే. నేనే చెప్తున్న, ఇప్పుర్రి." రేకు కూతురి చేతిలో పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి, ఆమెకు మాత్రమే వినపడేలా అడిగాడు. "ఇంకో తాడిపత్రి దొర్కుతదా సైటుల?"

ఆమె తలూపింది. పరంజా కింద మడిచి ఉన్నదాన్ని చూపించింది. ఆయన నిచ్చెన దిగి, హెల్మెట్ హరీశ్ నెత్తిన పెట్టి, తాడిపత్రి చంకన పెట్టుకుని వానలోకి వెళ్లాడు. ప్రణాలి కాగితం మీద 'విడుదల చెయ్యలేదు, రెండో కొసన గ్యాప్ మూడు మిల్లీలు' అని రాసి, టైము వేసింది. ఎనిమిదీ అయిదు.