ఏడు మీటర్ల చెట్టు

నిరోష చేతిలో జీపీఎస్ పట్టుకుని ముందు నడిచింది. పొడుగు కొలత కర్ర భుజాన వేసుకుని నేను వెనక నడిచిన. క్యాంపస్ వెనక ముళ్ళ అడివి అది. రేగు, పరికి, తుమ్మ, మధ్యమధ్య ఇంటింత రాళ్ళు. జీపీఎస్ కూతపెట్టంగనే ఆగింది.

"గీడనే అన్నా. మ్యాప్‌ల గీడ ఏడు మీటర్ల చెట్టున్నది."

ముందట గుండు రాయి. దాని మీద తొండ ఒకటి తల ఆడిస్తున్నది.

"మంచి చెట్టే. కాయలు కాస్తదా?" అన్న. నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.

సంగతేందంటే, క్యాంపస్‌ల కొత్త హాస్టల్ కట్టాలె. జాగాలు రెండున్నయి. ఒకటి ఈ ముళ్ళ అడివి. ఇంకోటి రోడ్డవతల నీలగిరి తోట. ఏది కొట్టాలో సైన్సు చెప్తదన్నరు పెద్దలు. వానలు వెలిసినంక విమానం తెప్పించి రెండిటి మీదా లేజర్ తిప్పించిన్రు. పైనుంచి వెలుతురు సూదుల లెక్క పడుతది. కొంత ఆకుకు తగిలి వాపస్ పోతది, కొంత సందులల్ల దిగి నేలకు తగిలి పోతది. వాపస్ రావడానికి పట్టిన టైంను బట్టి ఎత్తు కడతరు. పై ఎత్తుల నుంచి నేల ఎత్తు తీసేస్తే చెట్టు ఎత్తు. ఎనిమిదో తరగతిల బడి బంద్ చేసి, ఈ ల్యాబ్‌ల జీపు తోలుకుంట బతుకుతున్న నాకే అర్థమైన సంగతి ఇది.

ఆ ఎత్తులకు మార్కులేస్తరు. ఎత్తు ఎంత, పైకప్పు ఎంత దట్టం, ఎత్తుపల్లాలు ఎన్ని. మార్కులు ఎక్కువొచ్చిన జాగాల జంతువులు, పిట్టలు బాగ బతుకుతయని లెక్క. తక్కువొచ్చిన జాగాల హాస్టల్. మొదటి మ్యాప్‌ల ముళ్ళ అడివే గెలిచింది. నిరోష ఆ రోజు ల్యాబ్ అందరికీ సమోసలు తెప్పించింది. ఆమె పీహెచ్‌డీ మొత్తం ఆ పొదలల్ల గుడ్లుపెట్టే కౌజు పిట్టల మీదనే. హాస్టల్ గీడ పడితే పిట్టలు పోతయి, ఆమె పీహెచ్‌డీ వాటెంబడి పోతది.

ఆ దినం ఇంకా నాలుగు "పెద్ద చెట్ల" కాడికి పోయినం. నాలుగూ రాళ్ళే.

ల్యాబ్‌కొచ్చి కంప్యూటర్ల చుక్కలు చూపెట్టింది. "ఇది తుమ్మ. చూడన్నా, పైన చుక్కలు, నడుమ చుక్కలు, కింద నేల. ఒక్క వెలుతురే రెండు మూడు తావుల తగిలింది. ఇగ ఇది రాయి. నున్నగ టోపీ లెక్క ఒక్క పొర. లోపలేం లేదు. ఒక్క దెబ్బకే వాపస్."

"మరి కంప్యూటర్ చెట్టని ఎట్లనుకున్నది?"

"నేలను ఏరే ప్రోగ్రాం ఒకటుంటది. సాపు నేలలకు రాసిన్రు దాన్ని. నేలమీద ఉబ్బెత్తుగ లేచింది ఏదైనా నేల కాదనుకుంటది. గీడ ఇండ్లు లేవు, ఇగ మిగిలింది చెట్టే." కుర్చీల వెనక్కి వాలింది. "పొదల సంగతి ఇంకా అధ్వాన్నం. మోకాలెత్తు పొద కదా, పైన తగిలింది, కింద తగిలింది రెండూ కలిసిపోతయి. దాన్ని నేల అంటది."

అంటే గంత ఖర్చుపెట్టి విమానం తిప్పితే, అది రాయిని చెట్టన్నది, పిట్టలుండే పొదను లేదన్నది. నాకు ఆ పొదల మీద ప్రేమేం లేదు. ముండ్లు గీరుకుని నా రెండు ప్యాంట్లు ఖరాబైనయి. అయినా ఒళ్ళు మండింది.

నిరోష రాళ్ళు తీసేసి మళ్ళ లెక్క కట్టింది. ముళ్ళ అడివి ఓడింది. వరుస కట్టి నిలబడ్డ నీలగిరి గెలిచింది. కింద గడ్డి మొలవని, పిట్ట గూడు కట్టని నీలగిరి.

సాయంత్రం తార్నాక చౌరస్తాల ఇరానీ హోటల్ల కూసున్నం. చాయ్ మీద మీగడ కట్టింది, ఆమె ముట్టలేదు.

"సార్‌కు చెప్పినవా?" అన్న.

"రేపు చెప్తా."

"ఎందుకు చెప్పుడు? పాత మ్యాపే ఇయ్యి. కమిటీ పెద్దలల్ల ఒక్కడన్న ఆ ముండ్లల్లకు వచ్చి చూస్తడా? బూట్లు ఖరాబైతయని జీపు దిగరు."

"చూడరు."

"మరి?"

"ఇదే పద్ధతి రేపు జిల్లా మొత్తానికి పోతదన్నా. మన దిక్కు గుట్టలన్నీ రాళ్ళే కదా. ఉన్న చెట్లు కొట్టేసి, ఉత్త గుట్టను చూపెట్టి, మ్యాప్‌ల అడివి నిండుగున్నదంటరు. దాని కింద నా పేరుంటది."

"నీ పిట్టలు?"

చాయ్‌ల మీగడను చెంచాతో పక్కకు జరిపింది. నాకు కోపమొచ్చింది. నిజం చెప్పేటోళ్ళ మీద నాకు ఎప్పుడూ కోపమే. వాళ్ళు చెప్పేస్తరు, దాని ఫలితం పొదలల్ల ఉన్న పిట్ట అనుభవిస్తది.

తెల్లారి నిరోష మా ల్యాబ్ పెద్ద అచ్యుతరామయ్య సార్ గదిల నన్ను గూడ నిలబెట్టింది, రాళ్ళను కండ్లతో చూసినోడినని. సార్ అంతా విన్నడు.

"గుడ్. వెరీ గుడ్ నిరోషా. ఇట్లాంటివి పట్టుకోవాలి," అన్నడు.

"సార్, రాళ్ళు తీసేసిన మార్కులు ఇస్తా. కానీ ఎత్తుకు ఇన్ని మార్కులు తప్పు సార్. ఇది పడమటి కనుమల పెద్దడవి కోసం రాసిన లెక్క. ముళ్ళ అడివి పొట్టిగనే ఉంటది, అది దాని జబ్బు కాదు. నా పిట్టల లెక్కను గూడ మార్కులల్ల కలపండి."

"విమానం ఎగరక ముందే ఆ లెక్క కమిటీల పాసైంది కదమ్మా. ఫలితం చూసినంక లెక్క మారిస్తే దాన్నేమంటరు?"

ఆ మాట సరైందే. అది సరైందని తెలిసేసరికి నాకు ఇంకింత మండింది. తప్పు లెక్క ముందే రాసిపెట్టుకుంటే, ఇగ దాన్ని నిజాయితీగ నడపొచ్చన్నమాట.

"సామేలూ, నువ్వేమంటవ్?" అన్నడు సార్ నవ్వుకుంట.

"నాదేముంది సార్. నేను కర్ర పట్టుకునేటోన్ని."

రిపోర్టు ఇచ్చింది. రాళ్ళెక్కడ ఉన్నయో, పొదలు లేజర్‌కు ఎందుకు చిక్కవో, పిట్టలెన్నో అన్నీ రాసింది. కమిటీ మార్కుల పేజీ ఒక్కటే చూసి హాస్టల్ ముళ్ళ అడివికి రాసింది. సార్ ఆమెను అందరి ముందట మెచ్చుకున్నడు. చప్పట్లు గూడ కొట్టిన్రు.

ఎండలు ముదిరినంక జేసీబీ వచ్చింది. పొదలు పోవడానికి ఎంతోసేపు పట్టలేదు. నిరోష జీపుల కూసోనే చూసింది, దిగలేదు. దుమ్ము తగ్గేసరికి నేల మీద రాళ్ళొక్కటే మిగిలినయి. అప్పటిదాక కనపడనియి గూడ బయటపడ్డయి.

కాంట్రాక్టరు ఇంజనీరు పరశురాం తలకు కర్చీఫ్ కట్టుకుని జీపు కాడికొచ్చిండు.

"మేడం, ఈ రాళ్ళేంది? విమానమోళ్ళిచ్చిన నేల మ్యాప్‌ల సాపుగున్నది. మేం దాన్ని చూసే రేటు కోట్ చేసినం."

"ఆ ప్రోగ్రాం రాళ్ళను నేల లెక్కల నుంచి తీసేసింది. మా రిపోర్టుల ఉన్నది," అన్నది నిరోష.

"ఏ పేజీల?"

"మార్కుల పేజీ తర్వాత అన్నిట్ల."

ఆయనకు అది అర్థం కాలేదు. మేం తొండను చూసిన గుండు దిక్కు చెయ్యి చూపెట్టిండు. జేసీబీ పండ్లు దాని మీద తెల్లగ గీతలు గీసినయి గాని అది కదలలేదు.

"అదెంతుంటది మేడం?"

"ఏడు మీటర్లు," అన్నది. జర ఆగి, "అది పైన ఉన్నది. కింద భూమిల ఎంతున్నదో లేజర్‌కు తెల్వదు."

నా దిక్కు చూడకుండనే జీపు తియ్యమన్నది.