కాల్‌షీట్‌లో పన్నెండో పేరు

లైటు స్టాండు కూలినప్పుడు నేను ముందు పరుగెత్తింది లెన్సు దగ్గరికి. ఈ మాట ముందే చెప్పేస్తే నయం, నన్ను మంచిదాన్నని పొరబడకుండా ఉంటారు. మా మేనత్త కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని గోడవారన కూలబడి ఉంది. నేనేమో మోకాళ్ళ మీద కూర్చుని, పగిలిన గాజుకు నాలుగువైపుల నుంచీ ఫోటోలు తీస్తున్నాను. సీరియల్ నంబరు కనబడేలా ఒకటి ప్రత్యేకంగా తీశాను.

సినిమా మాది. దర్శకుడు మా తమ్ముడు, ప్రొడక్షన్ మేనేజర్ని నేను. అమ్మానాన్నా పోయాక కుట్టుమిషను తొక్కి మమ్మల్నిద్దరినీ పెంచింది అత్త. షూటింగు కూడా ఆవిడ ఫ్లాటులోనే పెట్టాం, ఊరికే దొరికింది కాబట్టి. ఆవిడ బట్టలు కుట్టింది, పదకొండుమందికీ వండింది, సీన్ల మధ్య ఇల్లు తుడిచింది. ఇంతా చేసి, ఎవరైనా థాంక్స్ అంటే సిగ్గుపడిపోయేది.

ఇన్సూరెన్సు నేను ఇష్టపడి చేయించింది కాదు. అది లేనిదే కెమెరా గుమ్మం దాటనివ్వమని పరికరాలు అద్దెకిచ్చేవాళ్ళు భీష్మించుకున్నారు. ఏదైనా పగిలితే డబ్బు నేరుగా తమకే రావాలని పాలసీలో పేరు కూడా రాయించుకున్నారు. పరికరాలకొక భాగం, బయటివాళ్ళకు మావల్ల దెబ్బ తగిలినా ఆస్తి పాడైనా ఇంకో భాగం, పేర్లు రాసిచ్చిన యూనిట్ మనుషులకు ప్రమాద బీమా మూడో భాగం. ప్రొపోజల్ ఫారంలో ఒక ప్రశ్న ఉంది: జీతం లేకుండా పనిచేసేవాళ్ళు ఎంతమంది? నేను సున్నా వేశాను. వేరే అంకె వేస్తే ప్రీమియం పెరుగుతుంది, మళ్ళీ వాళ్ళ పేర్లూ వయసులూ అడుగుతారు. ఎవరు పడతారా గోల అనిపించింది.

ఆ రోజు స్టాండు కాళ్ళ మీద వెయ్యాల్సిన ఇసుక సంచులు కింద వ్యానులోనే ఉండిపోయాయి. మూడంతస్తులు మోసుకురావడానికి అందరికీ బద్ధకం. "అమ్మా, ఈ ఒక్క షాటూ కాస్త పట్టుకోండి," అన్నాడు కెమెరామన్. పట్టుకుంది. కెమెరా వెనక్కి జరిగింది, ఎవరి కాలో కేబులుకు తగిలింది. లైటు ఆవిడ మణికట్టు మీద పడి, అక్కణ్ణుంచి కెమెరా మీద పడింది.

ఆసుపత్రి వరండాలో తమ్ముడు ఏడుపు మొహంతో, "లోపలికెళ్ళి తప్పు మాదే అని చెప్పి కాళ్ళ మీద పడతానక్కా," అన్నాడు.

"నోరు మూసుకుని కూర్చో. బీమా కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా మనం తప్పు మాదనకూడదు, డబ్బిస్తాననకూడదు. అంటే క్లెయిముకే ఎసరు."

"అత్తక్కా ఆవిడ! అత్త దగ్గర కూడానా?"

"క్లెయిము వేసేది ఆవిడ తరఫునే కదరా."

వాడు లోపలికి వెళ్ళి, అత్త దుప్పటి సర్ది వచ్చేశాడు.

లెన్సు సంగతి ఎంత చక్కగా జరిగిపోయిందో చూసి తీరాలి. అదే రోజు కంపెనీకి కబురు చేశాను. పగిలిన ముక్కలు పారేయకుండా పెట్టెలో దాచాను. అద్దె ఒప్పందం, తీసుకున్నప్పటి ఫోటోలు, సర్వీసు సెంటరు ఇచ్చిన మరమ్మతు అంచనా, ప్రమాదం ఎలా జరిగిందో కెమెరామన్ సంతకంతో కాగితం, అన్నీ ఒక్కరోజులో పంపాను. లెన్సు ఆ రోజు మా షూటింగులోనే ఉందనడానికి రుజువు కావాలన్నారు. ఆ రోజు ఎవరు ఎన్నింటికి రావాలో, ఏ సామాను వాడతామో రాసుకున్న కాల్‌షీటు జతచేశాను. నష్టం అంచనా వెయ్యడానికి కంపెనీ పంపిన సర్వేయరు వచ్చి చూసుకుని, పద్ధతంటే ఇలా ఉండాలని నన్ను మెచ్చుకున్నాడు. మా వంతు కొంత మినహాయించి మిగతాది మూడువారాల్లో అద్దెవాళ్ళకు చేరింది. నేను పొంగిపోయాను.

అత్త చేతికి అంత అదృష్టం లేదు. ఎముక అతికింది గాని నరాలకు ఇంకో ఆపరేషన్ చెయ్యాలి. నెలలోపు చెయ్యకపోతే వేళ్ళు ముడుచుకోవు, కత్తెర పట్టుకోవడం కల్ల అన్నాడు డాక్టరు. మా దగ్గరున్నదంతా సినిమా మింగేసింది. యూనిట్ ప్రమాద బీమాకు ఆవిడ పేరు నేను రాసివ్వలేదు. దిక్కు ఒక్కటే, బయటివాళ్ళ భాగం కింద క్లెయిము. బయటివాళ్ళకే వర్తిస్తుందది. మా పని చేసేవాళ్ళకు, జీతం ఉన్నా లేకపోయినా, వర్తించదు.

కాబట్టి అత్తను బయటి మనిషిని చెయ్యాలి. రెండురోజులు కూర్చోబెట్టి వల్లె వేయించాను.

"నువ్వెవరు?"

"ఇంటిదాన్ని."

"సినిమాలో ఏం పని చేశావు?"

"ఏమీ చెయ్యలేదు. అటుగా వెళ్తుంటే మీద పడింది."

"బట్టలు?"

"నాకు తెలీదు." అని నవ్వింది. "ఎంత పచ్చి అబద్ధమే! రవికకు హుక్కులు మూడుసార్లు మార్పించాడు మీ తమ్ముడు."

"నవ్వకత్తా! చెయ్యి పోతుంది." గట్టిగా అరిచాను. చిన్నపిల్లలా తలూపింది.

వచ్చింది ఆ సర్వేయరే. నెమ్మదస్తుడు. ఆవిడ పట్టీ వంక చూసి, మంచినీళ్ళు తాగి, అడగడం మొదలుపెట్టాడు. అత్త ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. నా గుండె కుదుటపడింది.

అప్పుడాయన సంచీలోంచి ఒక కాగితం తీసి ఆవిడ ముందు పెట్టాడు. "లెన్సు క్లెయిముతో మీ అమ్మాయిగారు పంపిందే. ఇక్కడున్నది మీ పేరేనా అమ్మా?"

అది నేను పంపిన కాల్‌షీటు. పదకొండు పేర్ల కింద పన్నెండోది, నేనే టైపు చేసింది: అత్త పేరు, పక్కన 'దుస్తులు, సెట్ సహాయం, ఉదయం ఆరు'. ఆవిడను సంతోషపెట్టాలని వేయమన్నాడు తమ్ముడు. వేశాను. చూపించడం మర్చిపోయాం. పంపేటప్పుడు లెన్సు పేరున్న వరసే చూసుకున్నాను తప్ప, కిందికి నా కళ్ళు పోలేదు.

అత్త ఎడమచేత్తో కాగితం ఎత్తి కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. మొహం విచ్చుకుంది.

"నా పేరే! అచ్చులో! వీళ్ళందరితోపాటు నేనూనా?"

"అత్తా," అన్నాను. వినిపించుకోలేదు.

"అవును బాబూ, బట్టలన్నీ నేనే కుట్టాను. ఆ హీరోయిన్ రవికకు మూడుసార్లు హుక్కులు మార్చాను. ఆరింటికి రమ్మంటే అయిదింటికే లేచేదాన్ని. స్టాండు కూడా కెమెరా అబ్బాయి పట్టుకోమంటేనే పట్టుకున్నాను. షాటు పాడవకూడదని ఊగుతున్నా వదల్లేదు."

సర్వేయరు రాసుకున్నంతసేపూ రాసుకుని, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకున్నాడు. కుడిచెయ్యి పనిచెయ్యదు కదా. గుమ్మం దాకా వచ్చి నాతో మెల్లిగా, "ప్రొపోజల్‌లో సున్నా వేశారు మేడం. పేర్ల జాబితాలోనూ ఈవిడ లేరు. ఏ భాగం కిందా రారు," అన్నాడు.

తిరస్కరిస్తూ ఉత్తరం వచ్చేసరికి డాక్టరు చెప్పిన నెల దాటింది. నేను చదివి వినిపించాను. అత్త కుట్టుమిషను పక్కన కూర్చుని, ముడుచుకోని వేళ్ళతో బట్ట అంచు పట్టుకోవడానికి తంటాలు పడుతోంది.

"ఏమంటారే?"

"రాదంటున్నారు." నాకు ఒళ్ళు మండిపోయింది. నామీద నాకు మండింది, తీర్చుకోవడానికి ఎదురుగా ఆవిడ ఉంది. "రెండురోజులు నేర్పించాను కదా! ఒక్క పూట నోరు కట్టుకోలేకపోయావా?"

ఆవిడ బట్ట కింద పెట్టింది. నా మొహంలోకి చూసి, నేనేదో పెద్ద కష్టంలో ఉన్నాననుకుంది కాబోలు, ఎడమచెయ్యి నా తలమీద వేసింది.

"తప్పు నాదేలే తల్లీ. నీ కష్టమంతా పాడుచేశాను. ఏమనుకోకు."

నేను కాదనలేదు.