నిజం చెప్పిన నర్సు

డియాంటాలజీ, కాన్సీక్వెన్షియలిజం. నేను చెప్పే నీతిశాస్త్రం పాఠంలోని ఈ రెండు మాటలూ మా నాచారం నర్సింగ్ కాలేజీ పిల్లల ప్రాణం తోడేస్తాయి. అందుకని సులువు చేద్దామనుకుని నేనే బోర్డు మీద రెండు గడులు గీశాను. నిజం చెప్తే మొదటిది, మేలు కోసం అబద్ధం చెప్తే రెండోది. నా తెలివి తగలెయ్య!

సప్లిమెంటరీ పరీక్ష రోజున డ్యూటీ లెక్చరర్ రాలేదు. నా సబ్జెక్టే అయినా ప్రిన్సిపాల్ అచ్యుతరావు గారు నన్నే హాల్లో నిలబెట్టారు. "సత్యవేణిగారూ, మీ పిల్లలని జాలిపడ్డారో, ఉద్యోగం ఉండదు" అని ముందే హెచ్చరించారు.

మూడో బెంచీలో దీప ఉంది. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారి పాసైతే మౌలాలి ఆసుపత్రిలో ఉద్యోగం ఖాయం, తప్పితే అది వేరేవాళ్ళకు పోతుంది.

పక్కనుంచి వెళ్తూ ఆమె పేపర్ చూశాను. 'నిర్వచించుము' అన్నదానికి చక్కగా రాసింది: ఫలితంతో పనిలేకుండా, ధర్మం కాబట్టి చేయడమే డియాంటాలజీ. హమ్మయ్య అనుకున్నాను. ఆ కిందే ఆప్షన్ల ప్రశ్న ఉంది. 'నిజం తెలిస్తే రోగి మందులు సరిగ్గా వాడతాడని, ఆ కారణంతోనే నర్సు నిజం చెప్పింది. ఇది ఏ సిద్ధాంతం?'

నర్సు చూసుకున్నది ఫలితం. కాబట్టి కాన్సీక్వెన్షియలిజం. ఏం చేసిందని కాదు, ఎందుకు చేసిందని చూడాలి. ఆ 'ఎందుకు' నేను బోర్డు మీద రాయలేదు.

దీప పెన్ను డియాంటాలజీ అన్న జవాబు పక్కనున్న వృత్తం మీద ఆగింది. తలెత్తి మెల్లగా అడిగింది. "మేడం, నిజం జెప్పింది గదా, గిదే గదా?"

తలుపులు వేసి ఉన్నాయి, గోడకి కెమెరా ఉంది. ఒక్కసారి తల అడ్డంగా ఊపితే చాలు. ఊపలేకపోయాను.

"మాట్లాడకూడదు. పేపర్ చూసుకో" అన్నాను.

దీప వృత్తాన్ని ఇంకుతో నింపేసింది. ఇక దిద్దడానికి లేదు. మిగిలిన గంటన్నరా నేను మళ్ళీ ఆ బెంచీ వైపు వెళ్ళలేదు.

ఫలితాలొచ్చాయి. ఒక్క మార్కుతో తప్పింది. నా మొహాన దుమ్మెత్తి పోస్తుందనుకుంటే, స్టాఫ్‌రూమ్‌కి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఫికర్ జెయ్యకుండ్రి మేడం. నా నౌకరి పోతదని తెలిసి గూడ మీరు రూల్ తప్పలె. అసలు డియాంటాలజీ అంటే గదే గదా?"

తప్పు దీపా, ఆ రోజు నేను ఆలోచించింది నా ఉద్యోగం గురించే అని చెప్పాలి. కానీ ఆమె మాటకు అవునన్నట్టు తల ఊపాను.